తరగతి గదిలో ఫోన్ల నిషేధం: అనుకూలంగా 4 నిమిషాల డిబేట్ ప్రసంగం, ముందే రాసిపెట్టుకునే జవాబులు

నేను తర్ఫీదు ఇచ్చిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఇదే అంశం మీద ప్రసంగం చాలా బాగా మొదలుపెట్టింది. రెండో నిమిషంలో "ఫోన్లు పిల్లల జీవితాలను నాశనం చేస్తున్నాయి" అంది. అవతలి పక్షం కుర్రాడు లేచి ఒక్కటే అడిగాడు: "రాత్రి ఇంట్లో చూసే ఫోన్‌కీ, తరగతి గదిలో నిషేధానికీ సంబంధం ఏమిటి?" ఆమె దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం రాయించింది నేనే కాబట్టి ఆ ఓటమి నాకు బాగా గుర్తుండిపోయింది.

ఈ అంశంలో అనుకూల పక్షం ఎక్కువగా ఓడిపోయేది ఇలాగే, అడగని దాన్ని కూడా మీద వేసుకుని. కాబట్టి ఈ గైడ్ మొత్తం ఒకటే పని చేస్తుంది: మీ వాదనను తరగతి గది గోడల లోపలే ఉంచుతుంది, ఆ గోడల్ని అవతలివాళ్ళు ఎక్కడెక్కడ తోస్తారో ముందే చూపిస్తుంది. మీరు నిషేధానికి అనుకూలంగా, మొదటి వక్తగా, 4 నిమిషాలు మాట్లాడాలి, తర్వాత ఒకటిన్నర నిమిషం ఖండన ఇవ్వాలి అనుకుని రాస్తున్నాను. మీ పోటీలో సమయం వేరైతే నిడివి మార్చుకోండి, పద్ధతి అదే.

1. అంశాన్ని పదం పదం చదవండి

"తరగతి గదుల్లో మొబైల్ ఫోన్లను నిషేధించాలి." ఇందులో మీకు కలిసొచ్చే మాట "తరగతి గదుల్లో". బడి మొత్తంలో అని లేదు. పిల్లల చేతికి ఫోనే ఇవ్వకూడదని అసలే లేదు. ఈ ఒక్క మాటని గట్టిగా పట్టుకుంటే అవతలి పక్షం తెచ్చే వాదనల్లో సగం మీ జోలికి రావు.

రెండో మాట "నిషేధం". నిషేధం అంటే ఏమిటో మీరు చెప్పకపోతే అవతలివాళ్ళు తమకి నచ్చినట్టు చెబుతారు, అప్పుడది జైలులాగా వినపడుతుంది. అందుకే మొదటి నిమిషంలోనే కళ్ళకి కట్టేటట్టు చెప్పండి: ఫోన్ సైలెంట్‌లో పెట్టి, గదిలోకి వచ్చేటప్పుడు తలుపు పక్కన ఉన్న పెట్టెలో ఉంచాలి, గది విడిచి వెళ్ళేటప్పుడు తీసుకోవాలి. సంచిలో కాదు, పెట్టెలోనే ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ళకంటే వేరే గదిలో వదిలి వచ్చినవాళ్ళు బుద్ధికి పనిపెట్టే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత అలాంటి ప్రయోగాలు చేసిన అందరికీ అదే ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని ప్రసంగంలో పెట్టకండి, అడిగితే చెప్పడానికి దగ్గర ఉంచుకోండి.

మినహాయింపుల దగ్గర ఒక గుంత ఉంది, జాగ్రత్త. వైద్య అవసరం మినహాయింపు తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే డయాబెటిస్ ఉన్న కొందరు పిల్లలు ఒంటికి పెట్టుకున్న సెన్సర్ రీడింగ్‌ని ఫోన్‌లోనే చూసుకుంటారు. వాళ్ళని మర్చిపోతే అవతలివాళ్ళు మొదట ఆ పిల్లల పేరే ఎత్తుతారు. కానీ మంచివాళ్ళమని అనిపించుకోవాలని "టీచర్ అనుమతిస్తే వాడుకోవచ్చు" అని కూడా కలిపారో, "అది నిషేధం కాదు, నియంత్రణ, అంటే మీరు మా పక్షానే ఉన్నారు" అంటారు. అప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు. వైద్య అవసరం ఒక్కటే మినహాయింపు, అక్కడితో ఆపేయండి.

2. ముందు అవతలి పక్షం ప్రసంగం రాయండి

చాలామంది తమ ప్రసంగం రాసేసి, చివరి రోజు రాత్రి టెన్షన్‌తో ఖండనలు వెతుక్కుంటారు. తిరగేయండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, మీరే ప్రతికూల పక్షం అయితే ఏం మాట్లాడతారో పావుగంటలో రాయండి, నిజంగా గెలవాలన్నట్టు రాయండి. రాసింది చదివితే మీకే కాస్త భయం వేయాలి. వేయకపోతే మీరు వాళ్ళ వాదనని బలహీనంగా రాశారన్నమాట.

ఈ అంశంలో తిరిగి తిరిగి వచ్చేవి ఐదు: అత్యవసరంలో అమ్మానాన్నలకి ఫోన్ చేయాలి కదా, ఫోన్ చదువుకి సాధనం కదా, నిషేధిస్తే నిగ్రహం ఎప్పుడు నేర్చుకుంటారు, నిషేధించిన చోట ఫలితాలు రాలేదని పరిశోధనలు ఉన్నాయి, పెట్టి చూసి ఎత్తేసిన ఊళ్ళు ఉన్నాయి. ఈ కాగితం పారేయకండి, ఐదో మెట్టులో ఇదే కావాలి.

3. రెండు వాదనలు ఎంచుకోండి, వాటి ఆధారాలను తూచండి

4 నిమిషాల్లో ఐదు పాయింట్లు చెబితే జడ్జి కాగితం మీద ఐదు ముక్కలు పడతాయి, ఒక్కటీ మనసులో నిలవదు. నేనైతే రెండే తీసుకుంటాను. మొదటిది, ఒకరి ఫోన్ పక్కవాళ్ళ చదువుని కూడా చెడగొడుతుంది. రెండోది, నిషేధం వల్ల ఎక్కువ మేలు జరిగేది చదువులో వెనకబడినవాళ్ళకి. "ఫోన్ నా ధ్యాసని చెడగొడుతుంది" అనేదాన్ని కావాలనే పక్కన పెట్టాను. అది నిజమే, కానీ దానికి "నీ ధ్యాస, నీ ఇష్టం" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. పక్కవాడి చదువు విషయంలో ఆ మాట చెల్లదు.

మొదటి వాదనకి ఆధారం పీసా 2022. పదిహేనేళ్ళ పిల్లల మీద ఓఈసీడీ అనే దేశాల కూటమి జరిపే పరీక్ష ఇది. ఆ దేశాల సగటున 59 శాతం మంది, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా, ఇతరులు వాడే డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందన్నారు. అలా చెదిరిందన్నవాళ్ళకి, అలాంటిది దాదాపుగా జరగలేదన్నవాళ్ళకంటే లెక్కల్లో 15 పాయింట్లు తక్కువ వచ్చాయి, అదీ ఇంటి ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్నాక. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్రశ్నలో ఉన్నది "డిజిటల్ పరికరాలు", ఫోన్లు మాత్రమే కాదు, కాబట్టి మీరూ అలాగే చెప్పండి. రెండోది, రెండూ కలిసి కనపడ్డాయన్నదే ఈ అంకె చెబుతుంది, ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయదు. "దీనివల్లే 15 మార్కులు పోయాయి" అన్నారంటే దొరికిపోతారు.

రెండో వాదనకి ఆధారం బెలాండ్, మర్ఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తల 2015 నాటి అధ్యయనం. ఇంగ్లండ్‌లో నాలుగు నగరాల్లోని 91 బడుల్లో, నిషేధానికి ముందూ తర్వాతా పరీక్ష ఫలితాలు చూశారు. ఫలితాలు మెరుగుపడ్డాయి, ఆ మెరుగు ఎక్కువగా వెనకబడిన పిల్లల్లో కనిపించింది, ముందున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ చివరి ముక్కని దాచకండి. "అందరి మార్కులూ పెరుగుతాయి" అనే అబద్ధం కంటే "వెనక బెంచీకి మేలు, ముందు బెంచీకి నష్టం లేదు" అనే నిజం వేదిక మీద చాలా బలంగా వినిపిస్తుంది.

ఒక అంకె మాత్రం వాడవద్దంటాను. ఒకసారి ధ్యాస చెదిరితే మళ్ళీ కుదురుకోవడానికి 20 నిమిషాలు పడుతుందని చాలామంది చెబుతుంటారు. యునెస్కో 2023 నివేదికలో ఉన్నది "20 నిమిషాల దాకా పట్టవచ్చు" అని. ఆ "దాకా" వేదిక మీద ఎప్పుడూ జారిపోతుంది, జారిన వెంటనే అవతలివాళ్ళు పట్టుకుంటారు.

4. ప్రసంగం

వేదిక మీద నిదానంగా మాట్లాడితే నిమిషానికి సుమారు 80 నుంచి 100 తెలుగు మాటలు పడతాయి. మీ వేగం మీరే కొలుచుకోండి: ఒక పేజీ బిగ్గరగా చదివి, నిమిషం కాగానే ఆపి, మాటలు లెక్కపెట్టండి. కింది ప్రసంగం ఆ వేగంతో రెండున్నర నుంచి మూడు నిమిషాలు పడుతుంది, నాలుగు నిమిషాల్లో ఆ మిగులు చప్పట్లకీ, ఊపిరికీ, తడబాటుకీ.

"అధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, మిత్రులకు నమస్కారం.

లెక్కల క్లాసు. టీచర్ బోర్డు మీద సమీకరణం మూడో లైను రాస్తున్నారు. నా ముందు బెంచీలో, బల్ల కింద, ఒక ఫోన్ వెలిగింది. ఆ ఫోన్ నాది కాదు. ఆ మెసేజ్ నాకు కాదు. అయినా నా కళ్ళు అటు వెళ్ళాయి. తిరిగి బోర్డు చూసేసరికి టీచర్ ఐదో లైనులో ఉన్నారు. మధ్యలో నాలుగో లైను ఎలా వచ్చిందో నాకు తెలియలేదు. ఈ రోజు మేం అడిగేది ఆ నాలుగో లైను.

మా ప్రతిపాదన చిన్నది. తరగతి గదిలోకి వచ్చేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి తలుపు పక్కన పెట్టెలో ఉంచుతాం. గది విడిచి వెళ్ళేటప్పుడు తీసుకుంటాం. వైద్య అవసరానికి ఫోన్ కావలసినవాళ్ళకి మినహాయింపు. ఇంట్లో, దారిలో, మైదానంలో ఫోన్ సంగతి ఈ రోజు మా అంశం కాదు. మేం మాట్లాడేది పాఠం జరిగే గది గురించే.

మా మొదటి కారణం. తరగతి గదిలో ఒకరి ఫోన్ ఒక్కరితో ఆగదు. 2022లో జరిగిన పీసా సర్వేలో, ఓఈసీడీ దేశాల సగటున 59 శాతం విద్యార్థులు ఏం చెప్పారో వినండి. కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో, ఇతరుల డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. తమవి కాదు, ఇతరులవి. వందలో 59 మంది! అలా చెప్పినవాళ్ళ లెక్కల స్కోరు సగటున 15 పాయింట్లు తక్కువ ఉంది. ఇదొక్కటే కారణమని మేం అనడం లేదు. కానీ నా ఫోన్ నా స్వేచ్ఛ అనే ముందు, నా పక్కన కూర్చున్నవాళ్ళు ఏం పోగొట్టుకుంటున్నారో అడగాలి కదా?

మా రెండో కారణం. ఈ నిషేధం ఎవరికి మేలు చేస్తుంది? ఇంగ్లండ్‌లో 91 బడుల ఫలితాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఫోన్లు ఆపాక, చదువులో వెనకబడిన పిల్లలు మెరుగుపడ్డారు. ముందున్న పిల్లల్లో పెద్ద తేడా లేదు. ఎందుకు? బాగా చదివేవాడు నాలుగో లైను తప్పినా ఐదో లైను చూసి వెనక్కి పట్టుకోగలడు. కష్టపడి వెంట వస్తున్నవాడికి ఒక లైను తప్పితే ఆ లెక్క మొత్తం తప్పిపోతుంది. ఇంట్లో మళ్ళీ చెప్పేవాళ్ళు లేని పిల్లలకి ఆ క్లాసే ఆధారం. ముందు బెంచీకి నష్టం లేకుండా వెనక బెంచీకి మేలు చేసే నియమం ఇది.

ఫోన్ చెడ్డదని మేం అనలేదు. ఫోన్ పెట్టెలో ఉంటుంది, పది అడుగుల దూరంలో, భద్రంగా. ఆ కాసేపు బోర్డు మాది. దయచేసి ఈ తీర్మానాన్ని బలపరచండి."

గమనించారా, వైద్య మినహాయింపు ఒక్క వాక్యంలో అయిపోయింది, "ఇదొక్కటే కారణమని మేం అనడం లేదు" అనే వాక్యం మాత్రం ఉంది. ఆ వాక్యం తీసేస్తే ప్రసంగం ఇంకా ఘాటుగా అనిపిస్తుంది, నాకు తెలుసు. తీసేయకండి, ఖండనలో మిమ్మల్ని కాపాడేది అదే.

5. ఖండన కార్డులు

పోస్ట్‌కార్డు సైజు అట్టముక్కలు ఐదు చాలు. ఒక్కో కార్డు పైన వాళ్ళ మాట మూడు నాలుగు పదాల్లో పెద్ద అక్షరాలతో, కింద మీ జవాబు. జవాబు ఎప్పుడూ ఒకే వరసలో రాయండి: వాళ్ళు అన్నది, అందులో మనం ఒప్పుకునేది, అది ఎక్కడ ఆగిపోతుందో, మళ్ళీ మన పాయింట్. ఒప్పుకునే ముక్క లేకుండా కొట్టిపారేస్తే జడ్జికి మీరు వినలేదనిపిస్తుంది.

*అత్యవసరం.* "అమ్మానాన్నలతో మాట్లాడాలన్న ఆందోళన నిజమైనదే, మేం గౌరవిస్తాం. కానీ మేం ఫోన్ బడికి తేవద్దనలేదు, అది తలుపు పక్కనే ఉంది. ఏదైనా జరిగితే మొదటి నిమిషంలో ముప్పై మంది చేయాల్సింది టీచర్ చెప్పేది వినడం, ముప్పై ఫోన్లలో మాట్లాడటం కాదు."

*చదువుకి సాధనం.* దీన్ని కాదనకండి, గెలవలేరు. "ఫోన్‌లో నేర్చుకోవచ్చు, ఒప్పుకుంటున్నాం. కానీ పాఠానికి తెర కావాలంటే ప్రొజెక్టర్ ఉంది, బడి కంప్యూటర్లు ఉన్నాయి. అవి టీచర్ ఎంచుకున్నదే చూపిస్తాయి. సొంత ఫోన్‌లో పాఠం తెరిచిన తెర మీదే మెసేజ్ కూడా వస్తుంది." ఇక్కడ వాళ్ళు "మా బడిలో కంప్యూటర్లు చాలవు" అనవచ్చు. అప్పుడు ఒక్క వాక్యం: "చాలకపోతే కంప్యూటర్లు అడుగుదాం. అందరి దగ్గరా ఫోన్ కూడా లేదు కదా, ఫోన్ ఆధారంగా పాఠం చెబితే లేనివాడి సంగతేమిటి?"

*నిగ్రహం నేర్పాలి.* నా దృష్టిలో ఇదే వాళ్ళ బలమైన వాదన, దీని మీద ఎక్కువ ప్రాక్టీసు చేయండి. చాలామంది "పెద్దవాళ్ళకే నిగ్రహం లేదు" అంటారు, అది నవ్వు తెప్పిస్తుంది గానీ జవాబు కాదు. మన మొదటి కారణం నుంచే జవాబు వస్తుంది: "నిగ్రహం నేర్చుకోవాలి, నిజమే. క్లాసు బయట మిగతా రోజంతా దానికి ఉంది. కానీ నాకు ఎంత నిగ్రహం ఉన్నా అది నా ఫోన్ మీదే పనిచేస్తుంది, నా ముందు బెంచీ ఫోన్ మీద పనిచేయదు. అతను నేర్చుకునేదాకా నా నాలుగో లైను ఎవరిస్తారు?" ఇది చెప్పాక ఒక్క క్షణం ఆగండి.

*పరిశోధనలు వేరే చెబుతున్నాయి.* బాగా చదివి వచ్చిన ప్రత్యర్థి రెండు తెస్తాడు. ఒకటి, ఇంగ్లండ్ అధ్యయనాన్నే అనుసరించి స్వీడన్‌లో చేస్తే మార్కుల్లో తేడా కనపడలేదు (2020). రెండోది, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 30 బడుల్లో చేసిన అధ్యయనం (2025): ఫోన్లు కట్టడి చేసిన బడుల్లోనూ, చేయని బడుల్లోనూ పిల్లల మానసిక ఆరోగ్యం ఒకేలా ఉంది. రెండూ నిజమే, కాబట్టి "అది తప్పు" అనకండి. ఇలా చెప్పండి: "స్వీడన్‌లో మార్కులు పెరగలేదు, ఒప్పుకుంటున్నాం, తగ్గనూ లేదు. 2025 అధ్యయనం ప్రధానంగా కొలిచింది మానసిక ఆరోగ్యాన్ని. నిషేధంతో మానసిక ఆరోగ్యం బాగుపడుతుందని మా ప్రసంగంలో ఎక్కడా లేదు. అదే అధ్యయనంలో, కట్టడి ఉన్న బడుల్లో బడి వేళల్లో ఫోన్ వాడకం తక్కువగా ఉంది. మేం అడిగేది ఆ వేళల గురించే." మొదటి మెట్టులో వాదనని చిన్నదిగా కత్తిరించుకోమన్నది దీనికోసమే. "ఫోన్లు డిప్రెషన్ తెస్తాయి" అని ప్రసంగంలో ఒక్క ముక్క ఉన్నా ఈ కార్డు చెల్లదు.

*ఎత్తేసిన చోట్లు.* న్యూయార్క్ నగరం 2015లో నిషేధం ఎత్తేసింది, దీన్ని కొందరు తెస్తారు. ఆ నిషేధం ఫోన్‌ని బడి గుమ్మంలోకే రానివ్వలేదు, అమ్మానాన్నలు పిల్లలతో మాట్లాడలేకపోవడం ఎత్తివేతకి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. మనది గది పెట్టె వరకే. పైగా ఆ నగరం ఉన్న న్యూయార్క్ రాష్ట్రమే 2025లో బడి వేళల్లో స్మార్ట్‌ఫోన్లను ఆపింది. రెండు వాక్యాల్లో ముగించేయండి, ఇంతకంటే సమయం దీనికి ఇవ్వనక్కరలేదు.

6. వేదిక మీద

అవతలి వక్త మాట్లాడుతుంటే ఒక కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు వాళ్ళ మాట రాసుకోండి, కుడివైపు కార్డు పేరు. ఐదు కార్డులు ఉన్నాయని ఐదూ చదివేయకండి. వాళ్ళు ఎత్తని వాదనకి జవాబు చెబితే, ఆ వాదనని మీరే వాళ్ళకి చేతికి ఇచ్చినట్టు. ఒకటిన్నర నిమిషంలో రెండు కార్డులు బాగా వస్తాయి, మూడోది పరుగులో పోతుంది. ఏ రెండు అన్నది ఇలా తేల్చుకోండి: వాళ్ళు ఎక్కువసేపు మాట్లాడింది ఒకటి, జడ్జి తల ఊపుతూ రాసుకున్నది ఒకటి.

కార్డుల్లో లేనిది వస్తే కంగారు పడకండి. ఒకసారి ఒక ప్రత్యర్థి "పెట్టెలో ఫోన్ పోతే ఎవరు బాధ్యులు?" అని అడిగాడు, మా దగ్గర కార్డు లేదు. మా పిల్లవాడు రెండు క్షణాలు ఆగి, "మంచి ప్రశ్న, పెట్టెకి తాళం ఉండాలి, నంబర్లు వేసిన అరలు ఉండాలి, అది నియమాన్ని సరిగ్గా అమలు చేసే పని. దానివల్ల నియమమే వద్దంటారా?" అని తిరిగి అడిగాడు. అప్పటి నుంచి నేను రాయించే కార్డులు ఆరు.